తప్పు కౌంటర్ దగ్గర పుట్టలేదు

బ్యాంకు శాఖ గురించి మన దగ్గర ఒక తీర్పు ఎప్పుడో ఖాయమైపోయింది. పని కాకపోవడానికి కారణం కౌంటర్ వెనక కూర్చున్న మనిషి. నెల తిరిగేసరికి జీతం పడుతుంది, ఉద్యోగం పోదు, కాబట్టి జనం అంటే లెక్కలేదు. రిజర్వు బ్యాంకు మంచి నియమాలే పెట్టింది గానీ, దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నట్టు కింది ఉద్యోగి అడ్డుపడుతున్నాడు. ఈ మాట బస్సుల్లో వినిపిస్తుంది, పెళ్ళి పందిళ్ళలో వినిపిస్తుంది, బ్యాంకుల పెద్దాఫీసుల్లో కూడా కాస్త మర్యాదగా వినిపిస్తుంది. అక్కడ దాన్ని 'సిబ్బంది వైఖరి' అంటారు. దానికి మందు కూడా సిద్ధంగానే ఉంటుంది: రెండు రోజుల శిక్షణ, చిరునవ్వుతో పలకరించడం మీద ఒక తరగతి, గోడ మీద ఒక పోస్టరు.

ఈ తీర్పు తప్పు. తప్పు కావడమే కాదు, దీనివల్ల నష్టం జరుగుతోంది. కౌంటర్ దగ్గర మనిషిని తిట్టి ఊరుకున్నంత కాలం, ఆ మనిషి చేత అలా చేయిస్తున్న ఏర్పాటును ఎవరూ ముట్టుకోరు. అత్త మీద కోపం దుత్త మీద చూపిస్తే దుత్త పగులుతుంది, అత్త అలాగే ఉంటుంది. బ్యాంకు సేవ విషయంలో నలభై ఏళ్ళుగా జరుగుతున్నది ఇదే.

నలభై ఏళ్ళని ఎందుకు అంటున్నానంటే, ఈ ప్రశ్నకు సమాధానం వెతికే పద్ధతి 1985లోనే వచ్చింది. పరశురామన్, జైథమల్, బెర్రీ అనే ముగ్గురు పరిశోధకులు ఆ ఏడాది అమెరికాలో ఒక వ్యాసం ప్రచురించారు. ఖాతాదారు ఆశించిన సేవకూ అతను పొందానని అనుకున్న సేవకూ మధ్య ఎడం ఎందుకు వస్తుందన్నది వాళ్ళ ప్రశ్న. నాలుగు రకాల సేవా సంస్థలను తీసుకుని అధికారులతో మాట్లాడారు, వినియోగదారులను బృందాలుగా కూర్చోబెట్టి విన్నారు. ఆ నాలుగింటిలో ఒకటి మామూలు జనం వెళ్ళే బ్యాంకు. అంటే ఈ నమూనా పుట్టిన చోట్లలో బ్యాంకు శాఖ ఒకటి. దీన్నే గ్యాప్ మోడల్ అంటున్నాం.

దాని అసలు సారం ఒక్క వాక్యంలో చెప్పవచ్చు. ఖాతాదారు అనుభవించే ఎడం తనంతట తాను పుట్టదు, సంస్థ లోపల ఉన్న నాలుగు ఎడాల నుంచి పుడుతుంది. ఖాతాదారుకు ఏం కావాలో పైవాళ్ళకు తెలియకపోవడం మొదటిది. తెలిసినా దాన్ని సరైన నియమంగా, సరైన కొలతగా మార్చకపోవడం రెండోది. కొలత ఉన్నా పని ఆ ప్రకారం జరగకపోవడం మూడోది. జరిగేదానికీ బయటికి చెప్పేదానికీ పొంతన లేకపోవడం నాలుగోది. ఈ నాలుగూ కలిసి బయటికి కనబడేది అయిదో ఎడం. మనం కౌంటర్ దగ్గర నిలబడి పళ్ళు కొరుక్కునేది ఆ అయిదో దాని ముందు.

లోకం మాట ఈ నాలుగింటిలో మూడోదాన్ని మాత్రమే చూస్తుంది. అందులోనూ మనిషి గుణాన్ని మాత్రమే చూస్తుంది. కానీ 1988లో అదే ముగ్గురు రాసిన మరో వ్యాసంలో మూడో ఎడానికి ఏడు కారణాలు చెప్పారు. తన పని ఏమిటో స్పష్టంగా తెలియకపోవడం, ఇద్దరు పెద్దలు రెండు వైపులకు లాగడం, పనికి తగిన మనిషి లేకపోవడం, పనికి తగిన యంత్రాలు లేకపోవడం, పనిని పైవాళ్ళు కొలిచే తీరు, నిర్ణయం తన చేతిలో ఉందన్న నమ్మకం లేకపోవడం, తోటివాళ్ళ సహకారం లేకపోవడం. ఉద్యోగికి పొగరెక్కువ అన్నది ఆ జాబితాలో లేదు.

సిద్ధాంతం అలా ఉంచి ఒక పని తీసుకుందాం. మన మండల కేంద్రాల్లోని ప్రభుత్వ బ్యాంకు శాఖల్లో అన్నిటికన్నా ఎక్కువ కన్నీళ్ళు పెట్టించే పని ఒకటుంది. ఖాతాదారు చనిపోయాక అతని ఖాతాలోని డబ్బు కుటుంబానికి ఇవ్వడం. బ్యాంకు భాషలో డెత్ క్లెయిమ్. ఇక్కడ చెప్పబోయే కుటుంబం ఏ ఒక్క కుటుంబమూ కాదు. ఇలాంటి పనిలో మామూలుగా ఎదురయ్యే మెట్లన్నీ ఒకచోట చేర్చి ఉదాహరణగా కట్టాను.

భర్త చనిపోయాడు. పొదుపు ఖాతాలో లక్షా ఎనభై ఆరు వేలు, మూడు లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉన్నాయి. రెండింటికీ నామినీ భార్యే. పన్నెండో రోజు మరణ ధ్రువపత్రం, పాసుపుస్తకం, డిపాజిట్ రసీదు, తన ఆధార్ కార్డు పట్టుకుని కొడుకుతో కలిసి బ్యాంకుకు వెళ్ళింది. "ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తెండమ్మా" అన్నారు. మీసేవలో దరఖాస్తు పెట్టి, తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరిగి, ముప్పై ఎనిమిదో రోజున ఆ కాగితంతో వెళ్ళింది. పిల్లలందరి సంతకాలు కావాలి, ఈ శాఖలోనే ఖాతా ఉన్న ఇద్దరు జామీనుగా సంతకం పెట్టాలి అన్నారు. ఒక కూతురు బెంగుళూరులో ఉంది. ఆమె వచ్చి సంతకం పెట్టి, ఇద్దరు జామీనుదార్లను బతిమాలుకుని మళ్ళీ వెళ్ళేసరికి యాభై రెండో రోజు. అప్పుడు చూశారు, బ్యాంకు దగ్గర ఉన్న నామినీ పేరులో ఇంటిపేరు పూర్తిగా ఉంది, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంది. స్టాంపు కాగితం మీద నోటరీ అఫిడవిట్ తెమ్మన్నారు. యాభై ఎనిమిదో రోజు అది తీసుకెళ్తే సంబంధిత అధికారి సెలవులో ఉన్నారు. అరవై రెండో రోజు కాగితాలు తీసుకుని రిజిస్టర్‌లో రాసుకున్నారు. డెబ్బయ్యో రోజు ఆమె ఖాతాలో డబ్బు పడింది.

మొదటిసారి గడప తొక్కిన రోజు నుంచి డబ్బు పడేదాకా యాభై ఎనిమిది రోజులు, అయిదు తిరుగుళ్ళు. ఆమెను అడిగితే ఏం చెబుతుంది? "వాళ్ళకు కనికరం లేదు" అంటుంది. ఆమె అలా అనుకోవడంలో తప్పులేదు. ఆమెకు కనిపించింది ఆ మనిషి ఒక్కడే. కానీ మనం ఆ యాభై ఎనిమిది రోజులను విడదీసి చూడాలి. గ్యాప్ మోడల్ నేర్పే పని అదే.

నామినేషన్ సక్రమంగా ఉన్నప్పుడు బ్యాంకు చూడవలసినవి కొద్దిగానే ఉన్నాయి. ఖాతాదారు చనిపోయినట్టు రుజువు, వచ్చిన మనిషే ఆ నామినీ అని రుజువు, చెల్లింపు ఆపమని కోర్టు ఉత్తర్వు ఏదీ లేకపోవడం. ఆ డబ్బును వారసుల తరఫున ధర్మకర్తగా తీసుకుంటున్నావని నామినీకి స్పష్టంగా చెప్పాలి. అంతే. 2005 జూన్ 9న రిజర్వు బ్యాంకు ఇచ్చిన సర్క్యులర్ ఇది చెప్పింది. నామినీ ఉన్న ఖాతాల్లో వారసత్వ ధ్రువపత్రం అడగవద్దని, మొత్తం ఎంతైనా సరే జామీనులూ పూచీకత్తు బాండ్లూ అడగవద్దని కూడా చెప్పింది. బ్యాంకింగ్ నియంత్రణ చట్టంలోని 45జెడ్‌ఏ సెక్షన్ ప్రకారం నామినీకి చెల్లిస్తే బ్యాంకు బాధ్యత తీరిపోతుంది. ఆ తర్వాత వారసులు తగవు పడితే తమలో తాము, లేదా కోర్టులో తేల్చుకోవాలి.

ఇప్పుడు లెక్క చూడండి. పన్నెండో రోజు నుంచి యాభై రెండో రోజు దాకా నలభై రోజులు, అవసరం లేని కాగితాల కోసం పోయాయి. పేరు తేడా సరిచేయడానికి ఆరు రోజులు. ఇది న్యాయమైన సందేహమే, కానీ పన్నెండో రోజున రికార్డు తెరిచి చూసి ఉంటే అప్పుడే తేలేది. అధికారి సెలవుకు నాలుగు రోజులు. అసలు పని జరగడానికి ఎనిమిది రోజులు. అలక్ష్యమని గట్టిగా అనగలిగేది ఆ నాలుగు రోజుల్లోనో, పేరు చూడకపోవడంలోనో ఉండవచ్చు. మిగతా నలభై రోజులు? వాటిని వివరించడానికి పొగరు సరిపోదు. పొగరున్న మనిషి కసురుకుంటాడు, ఫోన్ చూసుకుంటూ కూర్చుంటాడు. ఒక నిర్దిష్టమైన జాబితా చదివి, ఆ జాబితా పూర్తయ్యేదాకా కదలకుండా ఉండడం పొగరు చేసే పని కాదు, భయం చేసే పని.

ఆ భయం ఎక్కడిది? నామినీకి డబ్బిచ్చిన అధికారి రెండేళ్ళ తర్వాత ఏ ప్రశ్న ఎదుర్కొంటాడో ఆలోచించండి. చనిపోయిన మనిషి మొదటి భార్య కొడుకు ఫిర్యాదు పెడతాడు. చట్టం బ్యాంకును కాపాడుతుంది. కానీ ఆ ఫిర్యాదుకు వివరణ రాయవలసింది ఆ అధికారి. లోపలి తనిఖీలో అడిగే ప్రశ్నలన్నీ ఒకవైపే ఉంటాయి. "వారసుల సంతకాలు ఎందుకు తీసుకోలేదు?" అని అడుగుతారు. "అక్కర్లేని జామీను ఎందుకు అడిగారు? ఆ కుటుంబాన్ని నలభై రోజులు ఎందుకు తిప్పారు?" అని ఎవరూ అడగరు. అదనపు కాగితం అడిగితే అధికారికి ఖర్చు ఏమీ లేదు, ఆ ఖర్చంతా ఆ తల్లి పెట్టుకుంటుంది. అడగకపోతే వచ్చే ముప్పంతా అధికారిది. ఇలాంటి లెక్కలో ఎంత దయగల మనిషిని కూర్చోబెట్టినా, కొన్నాళ్ళకు అదే జాబితా చదువుతాడు. ముగ్గురు పరిశోధకులు చెప్పిన ఇద్దరు పెద్దల లాగుడు, పైవాళ్ళు కొలిచే తీరు, చేతిలో నిర్ణయం లేకపోవడం ఇక్కడ ఒకే కుర్చీలో కలిసి కూర్చున్నాయి.

నా మాట నమ్మనివాళ్ళు అదే శాఖలో పక్క కౌంటర్ చూడాలి. బంగారం తాకట్టు పెట్టి అప్పు తీసుకోవడానికి వచ్చిన మనిషిని గమనించండి. అప్రైజర్ నగ తూచి, గీటురాయి మీద గీసి, చీటీ రాస్తాడు. అధికారి ఆ రోజు రేటు చూసి అర్హత లెక్కకడతాడు. సంతకాలవుతాయి, నగ లాకర్‌లోకి వెళుతుంది, డబ్బు ఖాతాలో పడుతుంది. చాలాసార్లు ఆ పూటలోనే అయిపోతుంది. అదే శాఖ, అదే జీతం, అదే యూనియన్, చాలాచోట్ల అదే మనిషి. పొగరే కారణమైతే బంగారం కౌంటర్ దగ్గర అది ఎక్కడికి పోయింది? తేడా పనిలో ఉంది. గోల్డ్ లోన్‌లో ఏ కాగితాలు కావాలో నిర్దిష్టంగా ఉంది, ఎంతవరకు ఎవరు మంజూరు చేయవచ్చో ఉంది, నెలనెలా ఎన్ని చేశారని పైనుంచి అడిగే లక్ష్యం ఉంది. డెత్ క్లెయిమ్‌కు ఆ మూడింటిలో ఏదీ అంత గట్టిగా లేదు.

బదిలీల సంగతి కూడా చూడాలి. ప్రభుత్వ బ్యాంకు అధికారులు కొన్నేళ్ళకోసారి మారుతూనే ఉంటారు. రోగం మనిషిదైతే ఆ మనిషితోపాటు పక్క జిల్లాకు పోవాలి. పాత శాఖ బాగుపడాలి. అలా జరగడం అరుదు. కొత్తగా వచ్చిన అధికారి సొరుగులోంచి అవే పాత జిరాక్స్ కాగితాలు తీసి అదే జాబితా చదువుతాడు. మూడో ఎడం మనిషి వల్ల వచ్చిందా, ఏర్పాటు వల్ల వచ్చిందా అని తేల్చుకోవడానికి ఇదొక మంచి గుర్తు. వేర్వేరు మనుషులు ఒకే తప్పు చేస్తుంటే అది మనుషుల తప్పు కాదు. ఒకే శాఖలో ఒకరు మూడు కాగితాలు, మరొకరు ఏడు కాగితాలు అడుగుతుంటే అప్పుడు మనిషి వైపు, అతని శిక్షణ వైపు చూడాలి. అటువంటివీ ఉన్నాయి. కసురుకునేవాళ్ళూ ఉన్నారు, వాళ్ళను వెనకేసుకురావడం నా ఉద్దేశం కాదు. కానీ వాళ్ళను సరిదిద్దినంత మాత్రాన ఆ నలభై రోజులు తగ్గవు. కసురుకోకుండా, నవ్వుతూ, కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి కూడా నలభై రోజులు తిప్పవచ్చు.

ఇంతకన్నా లోతైన తప్పు రెండో ఎడంలో, అంటే కొలతలో ఉంది. నేను ఎక్కువగా చెప్పదలచుకున్నది దీని గురించే.

మళ్ళీ ఆ రిజిస్టర్ తెరవండి. అందులో ఆమె క్లెయిమ్ వచ్చిన తేదీగా అరవై రెండో రోజు ఉంటుంది, తేల్చిన తేదీగా డెబ్బయ్యో రోజు ఉంటుంది. ఎనిమిది రోజులు. క్లెయిమ్ అందిన పదిహేను రోజుల్లో తేల్చాలన్నది రిజర్వు బ్యాంకు నియమం. ఆ నియమం ప్రకారం ఈ శాఖ దాదాపు సగం గడువులోనే పని పూర్తిచేసింది. రీజినల్ ఆఫీసుకు వెళ్ళే నివేదికలో ఇది ఆలస్యమైన కేసుల్లో ఉండదు, సకాలంలో అయిన కేసుల్లో ఉంటుంది. ఆమెకు యాభై ఎనిమిది రోజులు, బ్యాంకుకు ఎనిమిది రోజులు. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. గడియారం ఎక్కడ మొదలుపెట్టారన్నదే తేడా.

బ్యాంకు గడియారం 'కాగితాలన్నీ అందిన' రోజున మొదలవుతుంది. అన్నీ అందాయని నిర్ణయించేది బ్యాంకే. కాబట్టి కాగితాలు తీసుకోకుండా నోటిమాటగా వెనక్కి పంపినంత కాలం గడియారం మొదలవ్వదు. ఇందులో ఎవరి కుట్రా లేదు. గడువు దాటితే సంజాయిషీ చెప్పవలసిన అధికారి, గడువులో తేల్చగలనని నమ్మకం కుదిరేదాకా ఫైలు తెరవడు, అంతే. పదిహేను రోజుల నియమం ఖాతాదారు కోసం పుట్టింది. దాన్ని కొలిచే తీరు వల్ల అదే నియమం ఖాతాదారును గుమ్మం దగ్గర ఆపడానికి కారణమవుతోంది. గ్యాప్ మోడల్‌లో రెండో ఎడానికి ఇంత స్పష్టమైన ఉదాహరణ నాకు మరొకటి తెలియదు.

2025 సెప్టెంబరు 26న రిజర్వు బ్యాంకు ఈ క్లెయిమ్‌ల మీద కొత్త ఆదేశాలిచ్చింది. 2026 మార్చి 31లోగా బ్యాంకులన్నీ వాటిని అమలులోకి తేవాలంది. దరఖాస్తు పత్రాలన్నీ దేశమంతా ఒకే తీరులో ఉండాలంది. బ్యాంకు వల్ల ఆలస్యమైతే డిపాజిట్ మీద బ్యాంక్ రేటుకు మరో నాలుగు శాతం కలిపి పరిహారంగా వడ్డీ కట్టాలంది. ఇది మేలైన అడుగు, అందులో సందేహం లేదు. ఒకే తీరు పత్రాలు వస్తే సొరుగులోని జిరాక్స్ జాబితాకు బలం తగ్గుతుంది. కానీ పదిహేను రోజుల గడియారం ఇప్పటికీ కావలసిన కాగితాలన్నీ అందిన రోజు నుంచే మొదలవుతుంది. గడువు దాటితే ఇప్పుడు డబ్బు కూడా పోతుంది కాబట్టి, ఫైలు తెరవడానికి ముందు వెనుకాడే కారణం ఇంకా బలపడుతుంది. మొదటిసారి వచ్చిన రోజునే రసీదు ఇవ్వడం, తక్కువైన కాగితాల జాబితా ఒకేసారి రాసి సంతకం పెట్టి ఇవ్వడం తప్పనిసరి చేసి, గడియారాన్ని ఆ రసీదు తేదీ నుంచి నడిపితే తప్ప ఈ రంధ్రం మూసుకోదు. కుటుంబం కాగితాలు తేవడానికి తీసుకున్న రోజులను విడిగా చూపించవచ్చు. దాచిపెట్టకూడదు.

ఇక మొదటి ఎడం. పైవాళ్ళకు ఇదంతా ఎందుకు తెలియదు? వాళ్ళు చెడ్డవాళ్ళని నేననుకోను. వాళ్ళ బల్ల మీదికి చేరే సమాచారంలో ఆమె లేదు. నోటిమాటగా వెనక్కి పంపిన మనిషికి బ్యాంకులో ఏ ఆనవాలూ మిగలదు. ఫిర్యాదుల పట్టికలో ఫిర్యాదు చేసినవాళ్ళే ఉంటారు. భర్త పోయిన నెలకు బ్యాంకు మీద ఫిర్యాదు రాసే ఓపిక ఎంతమందికి ఉంటుంది? శాఖ నుంచి రీజినల్ ఆఫీసుకు, అక్కడినుంచి జోనల్ ఆఫీసుకు, ఆపైన హెడ్డాఫీసుకు వెళ్ళే ప్రతి మెట్టు దగ్గరా కొంత వడకట్టుకుపోయి, చివరికి మిగిలేది 'సకాలంలో తేలినవి నూటికి నూరు' అనే అంకె. 1988 నాటి వ్యాసం మొదటి ఎడానికి చెప్పిన కారణాల్లో రెండు ఇవే: కింది మాట పైకి చేరకపోవడం, మధ్యలో మెట్లు ఎక్కువగా ఉండడం.

ఇక్కడే మన కాలేజీల్లో, బ్యాంకుల్లో జరిగే సర్వేల గురించి కూడా చెప్పాలి. లోకం మాటకు శాస్త్రం ముసుగు వేస్తున్నవి అవే. అదే ముగ్గురు పరిశోధకులు 1988లో సర్వ్‌క్వాల్ అనే ప్రశ్నావళి తయారుచేశారు. ఇరవై రెండు అంశాల్లో ఏమి ఆశించారు, ఏమి పొందారు అని విడివిడిగా అడిగి, రెండింటి తేడా లెక్కకడతారు. ఎంబీఏ ప్రాజెక్టుల్లో ఈ ప్రశ్నావళిని తీసుకుని శాఖలో వరుసలో నిలబడ్డవాళ్ళకు పంచుతారు. ఎడం ఎంతో తేల్చి, చివరి పేజీలో "సిబ్బందికి మృదు నైపుణ్యాల శిక్షణ ఇవ్వాలి" అని రాస్తారు. ఆ ప్రశ్నావళి కొలిచేది అయిదో ఎడాన్ని మాత్రమే. అది జ్వరం ఎంతుందో చెబుతుంది, ఎందుకొచ్చిందో చెప్పదు. కారణం తెలియాలంటే మొదటి నాలుగు ఎడాల కోసం అధికారులనూ ఉద్యోగులనూ వేరే ప్రశ్నలు అడగాలి, నియమ పత్రాలు తెరవాలి, రిజిస్టర్‌లోని తేదీలను కుటుంబం చెప్పిన తేదీలతో పోల్చాలి. ఆ సగం పని చేయకుండా శిక్షణ అని రాయడం ముందే అనుకున్న తీర్పును చివర్లో అతికించడమే. పైగా వరుసలో నిలబడ్డవాళ్ళలో నిన్న వెనక్కి తిరిగిపోయిన మనిషి ఉండదు.

ఆ తేడా లెక్కలో మరో ప్రమాదం ఉంది. ఏడు మార్కుల కొలతలో ఒక శాఖ దగ్గర జనం ఆశ సగటున 6.4, అనుభవం 4.1 అనుకుందాం. ఎడం 2.3. రెండేళ్ళ తర్వాత మళ్ళీ కొలిస్తే ఆశ 5.0, అనుభవం 3.9 వచ్చిందనుకుందాం. ఎడం 1.1. సగానికి పైగా తగ్గిందని నివేదిక రాయవచ్చు. కానీ సేవ బాగుపడలేదు, కొంచెం దిగజారింది కూడా. తగ్గింది జనం ఆశ. "ఈ బ్యాంకులింతే" అని సరిపెట్టుకోవడం నేర్చుకున్న ఊళ్ళో ఎడం తనంతట తానే చిన్నదైపోతుంది. ఆశతో పనిలేకుండా జరిగిన సేవను మాత్రమే కొలవాలని క్రోనిన్, టేలర్ 1992లో వాదించారు. ఆ వాదం నాకు పూర్తిగా సమ్మతం కాదు, ఎందుకంటే ఆశ తెలియకపోతే ఏది నిలబెట్టుకోలేదో తెలియదు. కానీ తేడా ఒక్కటే రాసి, రెండు అంకెలనూ విడిగా చూపించని నివేదికను నమ్మకూడదు. జనం ఆశలే ఎక్కువ, వాటిని తగ్గించాలి అనే బ్యాంకు పెద్దలకు కూడా ఇదే నా సమాధానం. నియమం ఇచ్చిన గడువును ఆశించడం అత్యాశ కాదు.

అయితే ఒక ఆశ విషయంలో మాత్రం తప్పు బ్యాంకుదే, అది నాలుగో ఎడం. ఖాతా తెరిచేటప్పుడు నామినీ గురించి ఏం చెబుతారు? "మీ తర్వాత ఈ డబ్బు ఎవరికి చెందాలి?" అని అడిగి ఒక పేరు రాయిస్తారు. నామినీ డబ్బు అందుకునే మనిషి మాత్రమే, యాజమాన్యం వారసులదే అని చెప్పరు. బ్యాంకు డిపాజిట్ల విషయంలో సుప్రీంకోర్టు 2010లో రామ్ చందర్ తల్వార్ కేసులో ఇదే తేల్చింది. ఇలా చెప్పకపోవడంతో రెండు చెడులు జరుగుతాయి. నామినీ తానే యజమానినని అనుకుంటుంది. తగవు వస్తుందేమోనని అధికారి భయపడి జామీనులు అడుగుతాడు. ఖాతా తెరిచిన రోజు ఒక నిమిషం నోరు విప్పకపోవడం, ఇరవై ఏళ్ళ తర్వాత నలభై రోజులుగా బయటపడుతుంది. ఆ మాట చెప్పని ఉద్యోగి, ఈరోజు కౌంటర్ దగ్గర తిట్లు తింటున్న ఉద్యోగి ఇద్దరూ ఒకరే కాదు.

నా మీద ఒక బలమైన అభ్యంతరం రావచ్చు. ఒకే బ్యాంకులో, ఒకే నియమాల కింద, ఒక శాఖలో వారంలో తేలిపోతుంది, పక్క శాఖలో రెండు నెలలు పడుతుంది, మరి మనిషి కాక తేడా ఏముంది? నిజమే, అలాంటి మేనేజర్లు ఉన్నారు. సర్క్యులర్ తీసి, "ఇందులో ఉన్నవి చాలు" అని సంతకం పెట్టి, మూడు కాగితాలతో డబ్బు ఇప్పించేవాళ్ళు. వాళ్ళకు నా నమస్కారం. కానీ వాళ్ళు చేస్తున్నదేమిటో చూడాలి. నియమం చెప్పిన పనే చేస్తూ, దానికి సొంత ధైర్యం ఖర్చుపెడుతున్నారు. నియమం పాటించడానికి ధైర్యం కావలసి వస్తోందంటే లోపం నియమాన్ని నడిపే ఏర్పాటులో ఉన్నట్టే. ధైర్యవంతులను ఎంపిక చేసుకుని ప్రతి మండలానికీ పంపలేం. తనిఖీ అధికారి ప్రశ్నల జాబితాలో ఒక్క ప్రశ్న చేర్చగలం: నామినీ ఉన్న ఏయే కేసుల్లో అక్కర్లేని కాగితాలు అడిగారు, ఎందుకు? ఆ ప్రశ్న అచ్చయిన రోజున మామూలు ధైర్యం ఉన్న మేనేజర్ కూడా మూడు కాగితాలతో పని ముగిస్తాడు.

బ్యాంకుల్లో సేవ మీద 1975లో తల్వార్ కమిటీ, తర్వాత గోయిపోరియా కమిటీ, 2011లో నివేదిక ఇచ్చిన దామోదరన్ కమిటీ, ఇంకా మరికొన్ని కూర్చున్నాయి. సలహాలకు కొరత లేదు. ఏ శాఖలో ఏ ఎడం వచ్చిందో చూసే అలవాటు లేదు. అది లేనంతకాలం ప్రతి నివేదికా చివరికి శిక్షణ తరగతిగా మారి కౌంటర్ దగ్గరికే వస్తుంది.

చదివేవాళ్ళు ఇప్పుడే చేయగల పనులు కొన్ని ఉన్నాయి. ఇంట్లో ఉన్న ప్రతి పాసుపుస్తకం, ప్రతి డిపాజిట్ రసీదు తీసి, వాటి మీద నామినేషన్ నమోదైనట్టు ముద్ర ఉందో లేదో చూడండి. లేకపోతే నామినేషన్ పత్రం నింపి, అందినట్టు రసీదు తీసుకోండి. నామినీ పేరు ఆధార్‌లో ఉన్నట్టే రాయించండి. క్లెయిమ్ కోసం వెళ్ళవలసి వస్తే మొదటి రోజునే దరఖాస్తు రెండు కాపీలు తీసుకెళ్ళి, ఒకదాని మీద తేదీతో ముద్ర వేయించుకోండి. కాగితం తక్కువైందంటే ఏ కాగితమో, ఏ నియమం ప్రకారమో రాసిమ్మని మర్యాదగా అడగండి. కౌంటర్ దగ్గర మనిషితో గొడవ పడకండి, ఆ ముద్ర ఉన్న తేదీని పట్టుకోండి. బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి ముప్పై రోజుల్లో సమాధానం రాకపోయినా, వచ్చిన సమాధానం సరిగా లేకపోయినా, రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. దానికి రుసుము లేదు.